పడుకోబెట్టిన స్తూపాకార ట్యాంకులోంచి డీజిల్ తోడే లెక్క: పొర వైశాల్యం, దూరం ఎక్కడ తప్పుతున్నాయి?

మొదటేడు_మెకానికల్

అందరికీ నమస్కారం. అసైన్‌మెంట్‌లో ఒక లెక్క దగ్గర ఆగిపోయాను. భూమిలో పాతిన డీజిల్ ట్యాంకు, స్తూపాకారం, పడుకోబెట్టి ఉంది. వ్యాసార్థం 1 మీ., పొడవు 6 మీ. ట్యాంకు పైభాగం నేలమట్టానికి 1 మీ. కింద ఉంది. సరిగ్గా సగం వరకు డీజిల్ ఉంది. దాన్నంతా నేలకు 1 మీ. ఎత్తున ఉన్న నాజిల్ దాకా తోడాలంటే ఎంత పని చేయాలి? సాంద్రత 830 కి.గ్రా./ఘ.మీ., g = 9.8 తీసుకోమన్నారు.

నేను వృత్తం మధ్యలో y = 0 పెట్టుకున్నాను. నాజిల్ అక్కడి నుంచి 1 + 1 + 1 = 3 మీ. పైన. పొర ఘనపరిమాణం π(1 − y²) dy, దూరం 3 − y, అవధులు −1 నుంచి 0 దాకా. ఇలా చేస్తే దాదాపు 57,500 జౌళ్లు వచ్చింది. జవాబు 2,62,500 అని ఇచ్చారు. దగ్గరగా కూడా లేదు. పైగా పొడవు 6 ఎక్కడా వాడలేదు, ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇంకో అనుమానం కూడా ఉంది. y రుణాత్మకం కదా, దూరం 3 + y అనాలా?

గట్టుమీద_కాకి

నువ్వే కష్టం చేసుకుంటున్నావు తమ్ముడూ. పైపు ట్యాంకు అడుగు దాకా దిగి ఉంటుంది. డీజిల్ ఎప్పుడూ అడుగు నుంచే వస్తుంది. అడుగు నుంచి నాజిల్‌కు 4 మీ. కాబట్టి మొత్తం బరువును 4తో గుణిస్తే అయిపోతుంది. ఘనపరిమాణం 3π, బరువు సుమారు 76,660 న్యూటన్లు, పని 3,06,600 జౌళ్లు. ఇంటిగ్రల్ అవసరమే లేదు. పుస్తకం జవాబే తప్పయి ఉంటుంది.

లెక్కల_పంతులు

పుస్తకం జవాబు సరైనదే. @గట్టుమీద_కాకి గారి మాట తర్వాత చూద్దాం, అందులో సగం నిజం ఉంది. ముందు అడిగినవారి పొర సంగతి.

వృత్తం కనబడగానే చెయ్యి తనంతట తానే π(1 − y²) రాసేస్తుంది. అది గోళానికి పొర. గోళాన్ని అడ్డంగా కోస్తే ప్రతి పొరా పళ్లెంలా గుండ్రంగా వస్తుంది. నిలువుగా నిలబెట్టిన స్తూపంలో కూడా పొర గుండ్రమే. మీ ట్యాంకు పడుకుని ఉంది. అందులో డీజిల్ ఉపరితలాన్ని పైనుంచి చూస్తే మీకు కనబడేది దీర్ఘచతురస్రం. పొడవు 6 మీ., వెడల్పు మాత్రం డీజిల్ ఎంత ఎత్తున ఉందో దాన్ని బట్టి మారుతుంది. 6 ఎక్కడ పెట్టాలో తెలియకపోవడమే పొర ఆకారం తప్పిందనడానికి గుర్తు. లెక్కలో ఇచ్చిన కొలత ఒకటి వాడకుండా మిగిలిపోతే ముందు బొమ్మ దగ్గరికే వెనక్కి వెళ్లాలి.

పొర ఎప్పుడూ అడ్డంగానే ఎందుకు కోస్తామంటే, ఒక పొరలో ఉన్న ద్రవమంతా ఒకే దూరం ఎక్కాలి గనుక. నిలువుగా కోస్తే ఆ ముక్కలో కింద ఉన్నది ఎక్కువ దూరం, పైన ఉన్నది తక్కువ దూరం ఎక్కుతుంది. అప్పుడు ఒక్క దూరంతో గుణించడం కుదరదు.

ఇప్పుడు ఇంటిగ్రల్ రాయకుండా ఒక్క పొర తీసుకుని అంకెలతో చేయండి. y = −0.6 దగ్గర, మందం 1 సెం.మీ. కేంద్రం నుంచి గోడదాకా సగం వెడల్పు √(1 − 0.36) = 0.8, కాబట్టి పూర్తి వెడల్పు 1.6 మీ. వైశాల్యం 1.6 × 6 = 9.6 చ.మీ. ఘనపరిమాణం 0.096 ఘ.మీ., అంటే 96 లీటర్లు. బరువు 0.096 × 830 × 9.8, దాదాపు 781 న్యూటన్లు. అది ఉన్నచోటు −0.6, చేరాల్సిన చోటు 3. మధ్య దూరం 3.6 మీ. పని సుమారు 2,811 జౌళ్లు.

దూరం గుర్తు అనుమానం ఇక్కడే తీరిపోవాలి. చేరే చోటులోంచి ఉన్న చోటు తీసేస్తే దూరం, అంతే. 3 − (−0.6) = 3.6. y రుణాత్మకమన్న సంగతి y లోపలే ఉంది, మీరు మళ్లీ గుర్తు మార్చనక్కర్లేదు. 3 + y రాసి ఉంటే 2.4 వచ్చేది. అంటే కింద ఉన్న డీజిల్ పైనున్న దానికన్నా నాజిల్‌కు దగ్గరగా ఉందని అర్థం! ఒక్క పొరకు అంకెలు వేసి చూస్తే ఈ తప్పు దొరికిపోతుంది. నేరుగా ఇంటిగ్రల్‌లోకి దూకితే దొరకదు.

ఆ 0.6 తీసి y పెడితే మీ ఇంటిగ్రల్ వచ్చేస్తుంది.

మొదటేడు_మెకానికల్

థాంక్యూ మాస్టారూ. ఇలా వచ్చింది:

```
వెడల్పు   = 2√(1 − y²)
వైశాల్యం  = 6 · 2√(1 − y²) = 12√(1 − y²)
దూరం     = 3 − y
W = 8134 ∫ 12√(1 − y²)(3 − y) dy,  y = −1 నుంచి 0
```

8134 అంటే 830 × 9.8. ఇంటిగ్రల్‌ను రెండుగా విడగొట్టాను. మొదటి ముక్క 36∫√(1 − y²) dy. దీనికి y = sin θ పెట్టి చాలాసేపు లాగాను, చివరికి 9π వచ్చింది. రెండో ముక్క −12∫y√(1 − y²) dy, దీనికి u = 1 − y² పెడితే 4 వచ్చింది. మొత్తం 9π + 4, అంటే 32.274. 8134తో గుణిస్తే 2,62,519 జౌళ్లు. జవాబు సరిపోయింది.

లెక్కల_పంతులు

సరిగ్గా వచ్చింది. మొదటి ముక్కకు sin θ దాకా పోనక్కర్లేదు. −1 నుంచి 0 దాకా √(1 − y²) అంటే వ్యాసార్థం 1 ఉన్న వృత్తంలో నాలుగో వంతు వైశాల్యం, π/4. చూడగానే రాసేయొచ్చు. పరీక్షలో "వృత్తంలో పావు భాగం" అని పక్కన ఒక్క మాట రాస్తే చాలు.

సగంసగం

నాదొక సందేహం. నిండా ఉన్న ట్యాంకుకు 18π × 8134, అంటే సుమారు 4,59,970 జౌళ్లు వస్తోంది. సగం డీజిల్‌కు అందులో సగమే, అంటే 2,29,985 కావాలి కదా? 2,62,519 ఎక్కువ కదా?

లెక్కల_పంతులు

కింది సగం కదా తోడుతున్నది. అందులో ప్రతి పొరా పై సగంలోని పొరలకన్నా ఎక్కువ దూరం ఎక్కాలి. నిండు ట్యాంకులో పై సగానికి 1,97,450, కింది సగానికి 2,62,519. రెండూ కలిపితే మీరు చెప్పిన మొత్తమే. సగం పని అనడం పొరపాటే గానీ, మీ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. దూరం అంతటా 3 తీసుకున్నట్టయింది, అందుకే 9π మిగిలి 4 పోయింది. ఆ 4 మొత్తం −y నుంచి వచ్చినదే.

గట్టుమీద_కాకి

పంతులుగారూ, లెక్క బాగానే ఉంది గానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. పైపు నోరు అడుగున ఉంది. y = −0.1 దగ్గరున్న పొరను ఎవరూ అక్కడి నుంచి ఎత్తరు. అది ముందు కిందికి దిగి, పైపులో దూరి, తర్వాత 4 మీటర్లు పైకెక్కుతుంది. మీరేమో దాన్ని 3.1 మీ. ఎత్తినట్టు రాస్తున్నారు. కాగితం మీది పంపు వేరు, నిజం పంపు వేరు అంటారా?

పంపుసెట్టు_రిపేరు

ఇది మంచి ప్రశ్న, నేను చెప్తాను. పైపులో డీజిల్ 4 మీ. ఎక్కడం నిజమే. కానీ ఆ 4 మీటర్లూ పంపు మోయదు. పైపు నోటి దగ్గర ట్యాంకులోని డీజిల్ తన బరువుతో లోపలికి తోస్తూ ఉంటుంది. పంపు ఆపి చూడండి, పైపులో డీజిల్ ట్యాంకు మట్టం దాకా దానంతట అదే నిలబడి ఉంటుంది. అంతవరకూ ఎక్కించింది ట్యాంకులోని డీజిలే. ఆ మట్టం నుంచి నాజిల్ దాకా మాత్రమే పంపు వంతు.

మట్టం s దగ్గర ఉందనుకోండి. అడుగు నుంచి నాజిల్‌కు 4 మీ., అందులో ట్యాంకు తోసిపెట్టేది s + 1. మిగిలింది 4 − (s + 1) = 3 − s. ఇప్పుడు మట్టం ds మేర దిగితే బయటికి పోయిన డీజిల్ ఎంత? ఆ మట్టం దగ్గరి వైశాల్యం ఇంటూ ds. అంటే 12√(1 − s²) ds. రెండూ గుణించండి. పంతులుగారు రాసిందే వచ్చింది, y బదులు s ఉంది, అంతే.

కాబట్టి పొరలు పైనుంచి ఒక్కొక్కటిగా ఎత్తినా, అడుగునుంచి లాగినా పని ఒకటే. పొర అంటే తట్టలో మోసుకుపోయే ముక్క అనుకోవద్దు. మట్టం దిగినప్పుడు ఖాళీ అయిన చోటు అనుకోండి, మీ పేచీ తీరిపోతుంది.

ఒక షరతు మాత్రం ఉంది. ట్యాంకు గాలిగొట్టం తెరుచుకుని ఉండాలి. అది మూసుకుపోతే డీజిల్ తగ్గేకొద్దీ లోపల గాలి పలచబడి, డీజిల్ మీద ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు పంపు ఆ తేడానూ మోయాలి, ఈ లెక్క కన్నా ఎక్కువ పని అవుతుంది. బయటికి కనబడేది నాజిల్ దగ్గర ధార సన్నబడటం. పంపు పాడైందనుకుని విప్పేస్తారు, తీరా చూస్తే గొట్టం మూతిలో చెత్త.

గట్టుమీద_కాకి

ఒత్తిడి సంగతి మరిచిపోయాను, ఒప్పుకున్నాను. అయితే నా 3,06,600 ఎప్పటికీ తప్పేనా?

పంపుసెట్టు_రిపేరు

ట్యాంకులోని డీజిలంతా అడుగున పలచగా పరిచి ఉంటే అది సరైన జవాబు. సగం ట్యాంకుకు గరిష్ఠ హద్దుగా మాత్రం పనికొస్తుంది. అన్ని దూరాలూ 3కీ 4కీ మధ్యలోనే ఉన్నాయి కాబట్టి జవాబు 2,29,985కీ 3,06,645కీ మధ్య పడాలి. 57,500 వచ్చినప్పుడే ఈ హద్దులు చూసి ఉంటే తప్పని తెలిసిపోయేది.

బంకు_స్టాకు

పొర అంటే మట్టం దిగిన చోటు అన్న మాట బాగుంది. బంకులో డిప్ రాడ్ వేసి చార్టు చూసేది ఈ లెక్కే. చార్టులో ప్రతి సెంటీమీటరుకు లీటర్లు ఒకేలా పెరగవు. మీ కొలతల ట్యాంకుకే చూస్తే, సగం మట్టం దగ్గర 1 సెం.మీ. అంటే దాదాపు 120 లీటర్లు, అడుగు నుంచి 20 సెం.మీ. ఎత్తున 1 సెం.మీ. అంటే 72 లీటర్లే. కొత్తవాళ్లు నిండు లీటర్లను ఎత్తుతో భాగించి ఒకే అంకె పట్టుకుంటారు, స్టాకు తేలదు.

ఇంకో విషయం. అసలు ట్యాంకును ఎవరూ చివరి చుక్కదాకా తోడరు. పైపు నోరు అడుగుకు ఆనించి పెట్టరు, కింద నీళ్లూ మడ్డీ చేరతాయి కాబట్టి కొంత ఎత్తు వదులుతారు. మీ లెక్కలో కింది అవధి −1 కాకూడదనేది నా ఉద్దేశం.

లెక్కల_పంతులు

ప్రశ్నలో "అంతా తోడాలి" అన్నారు కాబట్టి −1 సరైనదే. కానీ ఇది చక్కని ఉపప్రశ్న. @మొదటేడు_మెకానికల్, అడుగున 20 సెం.మీ. మిగిల్చి తోడితే ఏమవుతుందో చేసి పెట్టండి. దూరం మారదు, వైశాల్యం మారదు. మారేది ఏమిటో చూసుకోండి.

డాలస్_కాలిక్యులస్

ఇక్కడ కాలేజీలో ఇదే పాఠం నడుస్తోంది. మాకు అన్నీ అడుగులు, పౌండ్లే. శంకువు ఆకారపు ట్యాంకు, కొన కిందికి. ఎత్తు 12 అడుగులు, పైన వ్యాసార్థం 6 అడుగులు. నీళ్లు 8 అడుగుల దాకా ఉన్నాయి. పై అంచు దాకా తోడాలి. నీటికి 62.4 ఇచ్చారు. 62.4ను 32తో గుణించాలా వద్దా అని తరగతిలో ఒకటే గొడవ. వ్యాసార్థం కూడా ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తోంది.

లెక్కల_పంతులు

గుణించకూడదు. 62.4 అనేది ఘనపుటడుగు నీటి బరువు, పౌండ్లలో. బరువంటే g అందులోనే ఉంది. మనం కి.గ్రా. తీసుకున్నప్పుడు అది ద్రవ్యరాశి, అందుకే 9.8 కావాలి. ఇచ్చిన అంకె బరువా, ద్రవ్యరాశా అన్నది లెక్క మొదలుపెట్టే ముందే తేల్చుకోవాలి. జవాబు 32 రెట్లు పెరిగిపోతే కారణం ఇదే.

వ్యాసార్థం గొడవ ఎందుకో ఊహించగలను. కొన దగ్గర y = 0 పెట్టుకుంటే 12 అడుగుల ఎత్తుకు 6 అడుగుల వ్యాసార్థం, కాబట్టి y ఎత్తున y/2. కొందరు నీళ్లు 8 దాకానే ఉన్నాయి కదా అని 6ను 8తో భాగిస్తారు. 6 అనేది ట్యాంకు మూతి వ్యాసార్థం, నీటి మట్టానిది కాదు. నీటి మట్టం దగ్గర వ్యాసార్థం 4, 4/8 అన్నా మళ్లీ సగమే. ట్యాంకు ఆకారాన్ని ట్యాంకు కొలతలతోనే పట్టుకోండి. నీళ్ల ఎత్తుకు పని ఒక్క చోటే, అవధుల్లో.

```
W = 62.4 ∫ π(y/2)² (12 − y) dy,  y = 0 నుంచి 8
  = 62.4 · (π/4) · (2048 − 1024)
  ≈ 50,185 అడుగు-పౌండ్లు
```

12 దూరంలోకి, 8 అవధుల్లోకి. ఈ రెంటినీ తారుమారు చేసేవాళ్లు చాలామంది. నాజిల్ ఎంత ఎత్తున ఉన్నా అవధుల్లోకి రాదు, అక్కడ ద్రవం లేదు కదా.

డాలస్_కాలిక్యులస్

అర్థమైందండీ. మా ప్రొఫెసర్ పై అంచు దగ్గర సున్నా పెట్టి కిందికి కొలుస్తారు. అప్పుడు దూరం నేరుగా x అయిపోతుంది. అది మేలు కాదా?

లెక్కల_పంతులు

దూరం తేలికవుతుంది, వ్యాసార్థం (12 − x)/2 అయి కాస్త బరువెక్కుతుంది. ఎక్కడో ఒకచోట మోయాలి. డీజిల్ లెక్కనే మూడు చోట్ల సున్నా పెట్టి చూపిస్తాను:

```
కేంద్రం నుంచి పైకి:  12√(1 − y²) (3 − y),         y: −1 నుంచి 0
అడుగు నుంచి పైకి:   12√(2h − h²) (4 − h),        h: 0 నుంచి 1
నేల నుంచి కిందికి:    12√(1 − (x − 2)²) (x + 1),   x: 2 నుంచి 3
```

మూడూ 32.274 ఇస్తాయి. వృత్తం ఉన్నప్పుడు నేను కేంద్రమే పట్టుకుంటాను, వర్గమూలం శుభ్రంగా ఉంటుంది. శంకువుకు కొన. తప్పు జరిగేది ఎప్పుడంటే, వైశాల్యం ఒక వరుస నుంచి, దూరం ఇంకో వరుస నుంచి తీసుకున్నప్పుడు. √(1 − y²) రాసి పక్కనే (4 − y) పెట్టిన పేపర్లు ఎన్నో.

సగంసగం

ఇంటిగ్రల్ లేకుండానే చేశాను, చూడండి. అర్ధవృత్తం గురుత్వ కేంద్రం వ్యాసం నుంచి 4/(3π) కింద ఉంటుంది, అంటే 0.4244 మీ. నాజిల్‌కు దూరం 3.4244. ఘనపరిమాణం 9.4248. గుణిస్తే 32.274. రెండు వరుసల్లో అయిపోయింది. పరీక్షలో ఇలాగే రాసేస్తాను.

డాలస్_కాలిక్యులస్

మాకైతే మార్కులు పోతాయి. ఇంటిగ్రల్ పెట్టడమే ప్రశ్న అంటారు.

పంపుసెట్టు_రిపేరు

పద్ధతి పూర్తిగా సరైనదే. 4/(3π) అన్నది కూడా ఒకప్పుడు ఎవరో ఇంటిగ్రల్ చేసి తీసిందే కదా, దాన్ని వాడుకుంటే తప్పేముంది?

లెక్కల_పంతులు

తప్పు లేదు. కానీ ట్యాంకు సగం కాకుండా 0.7 మీ. దాకా ఉంటే ఆ కేంద్రం మీకు కంఠతా రాదు, మళ్లీ ఇంటిగ్రలే గతి. జవాబు సరిచూసుకోవడానికి వాడమంటాను. మార్కులు ఇస్తారా లేదా అన్నది దిద్దేవారిని బట్టి ఉంటుంది.

కేంద్రం గుర్తులేనివాళ్లకు ఇంకో సరిచూపు ఉంది. ఒక మీటరు లోతును పావు మీటరు చొప్పున నాలుగు లావు పొరలు చేసి, ఒక్కో పొర మధ్యలో విలువ తీసుకోండి:

```
y        √(1−y²)   3−y      లబ్ధం
−0.125   0.992     3.125    3.100
−0.375   0.927     3.375    3.129
−0.625   0.781     3.625    2.830
−0.875   0.484     3.875    1.876
                   మొత్తం   10.935
10.935 × 0.25 × 12 ≈ 32.8
```

అసలు విలువ 32.27. నాలుగే పొరలతో రెండు శాతం లోపు తేడా. చివరి వరుస చూడండి, అడుగు పొర అందరికన్నా ఎక్కువ దూరం ఎక్కుతుంది, అయినా దానిమీద అయ్యే పనే తక్కువ. వెడల్పు పడిపోయింది మరి.

అపార్ట్‌మెంట్_సెక్రటరీ

మా సంపు 10,000 లీటర్లు, నీటి లోతు 1.5 మీటర్లు. నిండుగా ఉన్నప్పుడు నీటి మట్టం నుంచి టెర్రస్ ట్యాంకు పైపు మూతికి 18 మీ. ఒకసారి సంపు మొత్తం ఎక్కిస్తే ఎన్ని యూనిట్లు కాలాలి? మోటారు ఎక్కువ తింటోందని అనుమానం. ఈ వర్గమూలాలన్నీ వేయాలా?

పంపుసెట్టు_రిపేరు

అక్కర్లేదండీ. మీ సంపు గోడలు నిలువుగా ఉంటే ప్రతి పొర వైశాల్యమూ ఒకటే. అప్పుడు సగటు దూరం లోతులో సగం దగ్గర పడుతుంది: 18 + 0.75 = 18.75 మీ. 10,000 × 9.8 × 18.75 = 18,37,500 జౌళ్లు. ఒక యూనిట్ 36 లక్షల జౌళ్లు, కాబట్టి అర యూనిట్ చాలు.

మీటరులో అర యూనిట్ మాత్రం కనబడదు. ఇది నీళ్లు ఎక్కడానికి కనీసం కావాల్సిన పని. పైపు రాపిడి, ఎల్బోలు, పంపు నష్టం, మోటారు వేడి ఇందులో లేవు. అన్నీ కలిపి నూటికి 40 పాళ్లు పనికొస్తున్నాయనుకుంటే 1.3 యూనిట్ల దగ్గర ఉండాలి. రెండున్నర, మూడు దాటితే ఫుట్ వాల్వ్, పంపు ఇంపెల్లర్ చూపించండి. ఒకసారి మిగతావన్నీ ఆపి మీటరు చదవండి, అనుమానంతో మోటారు మార్చకండి.

అపార్ట్‌మెంట్_సెక్రటరీ

పైపు టెర్రస్ ట్యాంకు మూతి మీదినుంచి వంగి లోపలికి పడుతుంది. దాన్ని ట్యాంకు అడుగునుంచి కలిపితే కరెంటు తగ్గుతుందని ప్లంబర్ అంటున్నాడు. నిజమేనా?

పంపుసెట్టు_రిపేరు

కొంత నిజం. పైనుంచి పడితే ప్రతి లీటరూ మూతి దాకా ఎక్కాలి, తర్వాత కిందపడి ఆ ఎత్తు వృథా. అడుగునుంచి ఎక్కిస్తే అప్పటికి టెర్రస్ ట్యాంకులో ఉన్న మట్టం దాకా ఎక్కిస్తే చాలు. ఖాళీ ట్యాంకు నింపేటప్పుడు సగటున ట్యాంకు ఎత్తులో సగం మిగులుతుంది. 18 మీ. మీద అదెంత, చూసుకోండి. పైగా వాల్వు కారితే ట్యాంకు నీళ్లన్నీ తిరిగి సంపులోకి దిగిపోతాయి. నేనైతే పైనుంచే ఉంచమంటాను.

బంకు_స్టాకు

అడుగునుంచి కలపడమే మేలు, మంచి నాన్ రిటర్న్ వాల్వు వేస్తే ఏ గొడవా ఉండదు. పంపుసెట్టు గారితో ఇక్కడ నాకు కుదరదు.

మొదటేడు_మెకానికల్

మాస్టారూ, 20 సెం.మీ. మిగిల్చేది చేశాను. కింది అవధి −0.8 అయింది, మిగతా అంతా అలాగే ఉంది. ఈసారి పావు వృత్తం కుదరదు కాబట్టి సూత్రం వాడాను:

```
∫√(1−y²) dy  = ½(0.48 + sin⁻¹ 0.8) = 0.7036
∫y√(1−y²) dy = −⅓(1 − 0.216)       = −0.2613
12(3 × 0.7036 + 0.2613) ≈ 28.467
W ≈ 2,31,550 జౌళ్లు
```

మొదట కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉండిపోయి sin⁻¹ 0.8కి 53.13 ఇచ్చింది, హద్దులు చూస్తే దొరికింది. లోతులో ఐదో వంతు వదిలినా ట్యాంకులో మిగిలేది 981 లీటర్లే, మొత్తం 9,425లో పదో వంతు కన్నా కాస్త ఎక్కువ. పని 31,000 జౌళ్ల దాకా తగ్గింది.

లెక్కల_పంతులు

బాగుంది. డీజిల్ 10.4 శాతం తగ్గితే పని 11.8 శాతం తగ్గింది, అడుగుది ఎక్కువ దూరం ఎక్కేది కాబట్టి అలాగే ఉండాలి.

బంకు_స్టాకు

ఒకటి అడుగుతాను. పాతిన ట్యాంకును చాలాచోట్ల సరిగ్గా మట్టంగా పెట్టరు, నీళ్లు ఒక చివర చేరడానికి కొంచెం వాలు ఇస్తారు. అప్పుడు మట్టం బాగా కిందికి వచ్చాక డీజిల్ ఒక చివరే ఉంటుంది, రెండో చివర పొడి. పొర పొడవు 6 కానే కాదు. దానికి ఏం రాస్తారు?

లెక్కల_పంతులు

మట్టం ఎత్తుగా ఉన్నంతసేపు పొర రెండు చివరల గోడల దాకా ఉంటుంది, దానికి ఒక ఇంటిగ్రల్. కింది చివర మాత్రమే తడిసి ఉన్నప్పుడు పొర పొడవు y మీద ఆధారపడుతుంది, దానికి వేరే ఇంటిగ్రల్. పైగా వెడల్పు కూడా పొర పొడవునా ఒకేలా ఉండదు, కింది చివర ఎక్కువ, పై చివర తక్కువ. అంటే ఒక్క పొర వైశాల్యానికే లోపల ఇంకో ఇంటిగ్రల్ కావాలి. చేత్తో శుభ్రంగా వస్తుందని నేననుకోను. వాలు ఎంతో, డిప్ రాడ్ ఏ చివర దించుతారో చెబితే లావు పొరలతో వేసి చూడొచ్చు.

బంకు_స్టాకు

రాడ్ దించేది మధ్యలోంచి. వాలు ఎంతో కనుక్కుని రాస్తాను.